లైసెన్సు ఒప్పందం ప్రూఫు దిద్దడం: రాయల్టీ, కాలపరిమితి, భూభాగం

7.1 ప్రవేశిక

పుస్తకం ప్రూఫులు దిద్దేటప్పుడు మనం వెతికేది అచ్చుతప్పులను. ఒత్తు పోయిందా, దీర్ఘం తగ్గిందా, పంక్తి జారిందా అని చూస్తాం. ఒప్పందపత్రంలో పెద్ద నష్టం తెచ్చే తప్పు ఇలా కనిపించదు. ప్రతి మాటా సరిగ్గానే అచ్చయి ఉంటుంది, ప్రతి వాక్యమూ వ్యాకరణబద్ధంగానే ఉంటుంది. కాని మూడో పేజీలో ఒక సంగతి, తొమ్మిదో పేజీలో దానికి కొంచెం భిన్నమైన సంగతి ఉంటుంది. విడివిడిగా చదివితే రెండూ ఒప్పే. పక్కపక్కన పెట్టినప్పుడే తప్పు బయటపడుతుంది. అందుకే ఒప్పందాన్ని మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు వరుసగా ఎన్నిసార్లు చదివినా ఈ తప్పులు దొరకకపోవచ్చు.

ఈ పాఠంలో ఒకే ఒక ఉదాహరణను తీసుకుందాం. ఒక రచయిత్రి తన తెలుగు నవలను ముద్రిత పుస్తకంగాను, ఇ-పుస్తకంగాను ప్రచురించే హక్కును హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థకు లైసెన్సుగా ఇస్తున్నారనుకోండి. కాపీరైటు ఆమె దగ్గరే ఉంటుంది. ఒప్పందం పన్నెండు పేజీలు, పద్దెనిమిది నిబంధనలు, చివర ఒక అనుబంధం. ప్రూఫు మీ చేతికి వచ్చింది.

7.2 చట్టం ఏమంటుంది?

కాపీరైటు చట్టం, 1957లోని 19వ సెక్షన్ హక్కుల బదలాయింపు గురించి చెబుతుంది. 30ఎ సెక్షన్ ద్వారా అవే నియమాలు తగిన మార్పులతో లైసెన్సులకు కూడా వర్తిస్తాయి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ భూభాగం, ఎంత రాయల్టీ అన్నవి పత్రంలో పేర్కొనాలి. కాలం పేర్కొనకపోతే ఐదు సంవత్సరాలుగానూ, భూభాగం పేర్కొనకపోతే భారతదేశంగానూ భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పత్రం మౌనంగా ఉన్నప్పుడు ఖాళీని పూరించడానికి ఏర్పాటు చేసిన నియమాలివి. పత్రం రెండు చోట్ల రెండు రకాలుగా మాట్లాడినప్పుడు అవి నేరుగా అక్కరకు రావు. ఆ చిక్కును ఇరుపక్షాలో, చివరికి న్యాయస్థానమో విప్పుకోవాలి. ఏమీ రాయకపోవడం కంటే రెండు రకాలుగా రాయడమే ఎక్కువ ప్రమాదం అనడం అతిశయోక్తి కాదు.

7.3 ముందుగా ఒక సరిచూపు పత్రం

ఒప్పందం చదవడం మొదలుపెట్టక ముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇరుపక్షాలు అంగీకరించిన షరతులు ఏదో ఒక చోట రాతపూర్వకంగా ఉంటాయి: ఒక ఉత్తరంలోనో, షరతుల చిత్తుప్రతిలోనో. దాన్ని అడిగి తెప్పించుకుని, అందులోని మాటలనే ఈ కాగితం మీదికి ఎక్కించండి. ఒప్పందంలో మొదట కనబడిన వాక్యాన్ని ప్రమాణంగా తీసుకోకూడదు. తప్పు ఆ వాక్యంలోనే ఉండవచ్చు.

మన ఉదాహరణలో సరిచూపు పత్రం ఇలా ఉంటుంది. ముద్రిత పుస్తకానికి రాయల్టీ: అమ్ముడైన ప్రతి కాపీకి ముద్రిత ధరపై 10 శాతం. ఇ-పుస్తకానికి రాయల్టీ: ప్రచురణకర్తకు అందిన నికర రాబడిపై 25 శాతం. కాలపరిమితి: మొదటి ప్రచురణ తేదీ నుండి 5 సంవత్సరాలు. భూభాగం: ముద్రిత పుస్తకానికి భారతదేశం, ఇ-పుస్తకానికి ప్రపంచమంతా.

రాయల్టీ రెండు వరుసల్లో ఉందని చూశారు కదా. భూభాగమూ అంతే. అన్ని చోట్లా ఒకేలా ఉండాలంటే పత్రమంతటా ఒకే అంకె ఉండాలని అర్థం కాదు. ఒకే విషయాన్ని చెప్పే చోటులన్నీ ఒకే మాట చెప్పాలని అర్థం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు 25 శాతం కనబడగానే దాన్ని 10గా దిద్దాలని చూస్తారు. ఒప్పందం ముగిశాక మిగిలిన కాపీలను అమ్ముకోవడానికి ఇచ్చిన ఆరు నెలల వ్యవధిని ఐదు సంవత్సరాలతో సరిపెట్టబోతారు. అవి వేరు వేరు సంగతులు.

7.4 రాయల్టీ: అంకె ఒకటే, ఆధారం వేరు

రాయల్టీ వాక్యంలో అందరి కన్నూ అంకె మీదే పడుతుంది. తప్పు మాత్రం సాధారణంగా అంకె పక్కన ఉన్న మాటల్లో ఉంటుంది. మన ఒప్పందంలో రాయల్టీ నాలుగు చోట్ల వచ్చింది. నిర్వచనాల నిబంధనలో 'ముద్రిత ధరపై 10 శాతం' అని ఉంది. ఏడో నిబంధనలో 'నికర రాబడిపై పది శాతం' అని ఉంది. లెక్కల నివేదికకు సంబంధించిన తొమ్మిదో నిబంధనలో 'అమ్మకాలపై 10 శాతం' అని ఉంది. అనుబంధంలో 'ముద్రిత ధరపై 10 శాతం' అని మళ్ళీ ఉంది. నాలుగు చోట్లా పదే. తొందరలో ఉన్న ప్రూఫురీడరు నాలుగింటికీ టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోతాడు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పుస్తకం ముద్రిత ధర 250 రూపాయలు. ప్రచురణకర్త పుస్తక విక్రేతలకు 40 శాతం తగ్గింపు ఇస్తున్నాడు, అంటే కాపీకి అతనికి చేరేది 150 రూపాయలు. ముద్రిత ధరపై 10 శాతం అయితే రచయిత్రికి కాపీకి 25 రూపాయలు. నికర రాబడిపై అయితే 15 రూపాయలు. వెయ్యి కాపీలు అమ్ముడైతే మొదటి లెక్కన 25,000, రెండో లెక్కన 15,000. రెండు మాటల తేడాకు పదివేల రూపాయలు. ఇక 'అమ్మకాలపై' అన్న మాటను ఎవరికి అనుకూలంగా వారు చదువుకోవచ్చు. విక్రేత అమ్మిన ధర మీదనా, ప్రచురణకర్త అమ్మిన ధర మీదనా అన్నది అందులో లేదు.

కాబట్టి రాయల్టీ కనబడిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంత శాతం? దేనిమీద శాతం? ఏ కాపీలకు? మూడో ప్రశ్నను చాలామంది మరచిపోతారు. ఒకచోట 'అమ్ముడైన కాపీలు', మరోచోట 'ముద్రించిన కాపీలు' అని ఉంటే మొదటి రెండు ప్రశ్నలకు జవాబు సరిపోయినా లెక్క తేలదు. గిడ్డంగిలో మూలుగుతున్న కాపీలకు రాయల్టీ ఇవ్వాలా వద్దా అన్న పేచీ అక్కడే మొదలవుతుంది.

అంకెనూ అక్షరాలనూ కలిపి రాసిన చోట రెండింటినీ విడిగా చదవండి. '10 (పన్నెండు) శాతం' వంటి తప్పులు పాత ఒప్పందాన్ని నమూనాగా వాడుకున్నప్పుడు వస్తాయి. అంకెను మార్చినవారు కుండలీకరణాల్లోని మాటను మార్చరు. అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుందిలే అని సరిపెట్టుకోకండి. చెక్కుల్లాంటి పత్రాల విషయంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో అలాంటి నియమం ఉంది. లైసెన్సు ఒప్పందం చెక్కు కాదు.

7.5 కాలపరిమితి: ఎప్పటి నుండి?

కాలపరిమితిలోనూ ఇదే కథ. నాలుగో నిబంధన 'మొదటి ప్రచురణ తేదీ నుండి 5 సంవత్సరాలు' అంటుంది. రద్దుకు సంబంధించిన పదమూడో నిబంధన 'ఈ ఒప్పందం తేదీ నుండి ఐదేళ్ళు పూర్తయిన పిమ్మట' అంటుంది. సంతకాలు 2024 ఏప్రిల్ 1న జరిగి, పుస్తకం 2025 జనవరి 15న వెలువడిందనుకోండి. ఒక లెక్క ప్రకారం లైసెన్సు 2029 మార్చి 31తో ముగుస్తుంది. మరో లెక్క ప్రకారం 2030 జనవరి 14 వరకు ఉంటుంది. ఈ మధ్యనున్న తొమ్మిదిన్నర నెలల్లో ప్రచురణకర్త పునర్ముద్రణ వేస్తే, అది హక్కు ఉండి వేసిందా, లేక వేసిందా? అదే సమయంలో రచయిత్రి మరొక ప్రచురణకర్తతో సంతకం చేసి ఉంటే చిక్కు రెట్టింపవుతుంది.

కాలాన్ని సరిచూసేటప్పుడు ఆరంభ బిందువును, నిడివిని, పొడిగింపు షరతును వేరువేరుగా చూడండి. పొడిగింపు ఒకచోట 'ఇరుపక్షాల రాతపూర్వక అంగీకారంతో' అని, మరోచోట 'తనంతట తానుగా' అని ఉంటే ఐదు సంవత్సరాలన్న మాటకు అర్థమే మారిపోతుంది.

7.6 భూభాగం

భూభాగం దగ్గర సమస్య పర్యాయపదాలతో వస్తుంది. 'భారతదేశం', 'భారత ఉపఖండం', 'దేశీయ మార్కెట్టు', 'తెలుగు రాష్ట్రాలు' అన్నవి రాసేవారి మనసులో ఒకటే కావచ్చు, పత్రంలో ఒకటి కావు. ఉపఖండం అన్నప్పుడు నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ వంటివి చేరతాయి, కాని ఏయే దేశాలన్నది ఒప్పందంలో పేర్కొనకపోతే తేలదు. తెలుగు రాష్ట్రాలంటే బెంగళూరు, చెన్నైలలోని పుస్తక దుకాణాలు బయటికి పోతాయి. వ్యాసంలో ఒకే మాటను పదేపదే వాడితే విసుగు పుడుతుందని మనకు నేర్పారు. ఒప్పందంలో ఆ విసుగును భరించాలి.

మన ఉదాహరణలో హక్కుల నిబంధన ఇ-పుస్తకానికి ప్రపంచమంతా అంటుంది. అనుబంధంలో మాత్రం 'భూభాగం: భారతదేశం' అని ఒకే వరుస ఉంది, రూపాన్ని బట్టి విడదీయలేదు. అమెరికాలో ఉన్న తెలుగు పాఠకుడు ఇ-పుస్తకం కొంటే ఆ అమ్మకం లైసెన్సు పరిధిలోదా కాదా అన్నది ఈ ఒక్క వరుస మీద ఆధారపడుతుంది.

7.7 వెతికే పద్ధతి

కంప్యూటరులో వెతకడం మంచిదే, కాని తెలుగులో అది ఒక పట్టాన లొంగదు. 'భూభాగం' అని వెతికితే 'భూభాగానికి', 'భూభాగపు' దొరకవు. అందువల్ల విభక్తి చేరినా మారని భాగం 'భూభాగ' అని వెతకాలి. అలాగే 'సంవత్సర'. ఆపైన 'ఏళ్ళు', 'ఏండ్లు', 'గడువు', 'వ్యవధి' విడిగా వెతకాలి. 'ఐదు'తో పాటు 'అయిదు', 'ఐదేళ్ళ' కూడా. శాతాన్ని అంకెతోనూ, అక్షరాలతోనూ, గుర్తుతోనూ రాస్తారు కనుక మూడు రూపాల్లోనూ చూడాలి. పత్రం యూనికోడ్ కాని ఫాంటులో టైపయి ఉంటే ఈ వెతుకులాట ఏదీ పనిచేయదు. ఫలితం సున్నా వచ్చిందంటే మాట లేదని కాదు.

దొరికిన ప్రతి చోటినీ నిబంధన సంఖ్యతో సహా సరిచూపు పత్రంలో ఆయా వరుస కింద, ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించండి. సారాంశం రాయకండి, సారాంశం రాస్తే తేడా మీ చేతిలోనే మాయమవుతుంది. ఆ తరువాత మరొకరు బిగ్గరగా చదువుతుండగా మీరు పత్రంలో చూడండి. వెతుకులాటకు అందని మాటలు, ఉదాహరణకు 'పై వాటా', 'సదరు కాలము' వంటివి, ఈ దశలోనే పట్టుబడతాయి. ఇవి ఏ నిబంధనను సూచిస్తున్నాయో ఆ సంఖ్యకు వెళ్ళి చూడండి. మధ్యలో ఒక నిబంధన కొత్తగా చేరితే 'ఏడో నిబంధనలో చెప్పిన రాయల్టీ' అన్నది ఇప్పుడు ఎనిమిదోదై ఉండవచ్చు.

7.8 దిద్దాలా, అడగాలా?

అక్షరదోషాన్ని మీరే దిద్దవచ్చు. ఈ మూడు విషయాల్లో తేడా కనబడితే మాత్రం దిద్దకండి. అంచులో ప్రశ్న రాయండి: 'నిర్వచనాల్లోను, అనుబంధంలోను ముద్రిత ధరపై అని ఉంది, 7లో నికర రాబడిపై అని, 9లో అమ్మకాలపై అని ఉంది. షరతుల చిత్తుప్రతి ప్రకారం ముద్రిత ధర. నిర్ధారించగలరు.' ఏ మాట సరైనదో మీకు తెలిసినట్టే అనిపించినా, ఆఖరి బేరంలో ఒక పక్షం నికర రాబడికి ఒప్పుకుని ఉండవచ్చు. ఆ సంగతి మీ చేతిలోని కాగితానికి తెలియదు.

సమాధానం వచ్చాక వీలైతే ఒక సూచన కూడా చేయండి: పూర్తి వాక్యం ఒక్క నిబంధనలోనే ఉంచి, మిగతా చోట్ల దాన్ని సూచిస్తే చాలు. కొందరు న్యాయవాదులు ఇందుకు ఒప్పుకోరు. అనుబంధాన్ని విడిగా చదివేవారికి అన్నీ అక్కడే కనబడాలంటారు. అలాంటప్పుడు, తేడా వస్తే నిబంధనలు చెల్లుతాయా, అనుబంధం చెల్లుతుందా అన్న వాక్యం ఒప్పందంలో ఉందో లేదో చూసి, లేకపోతే ఆ సంగతీ అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక ఒప్పందంలో నాలుగో నిబంధన 'మొదటి ప్రచురణ తేదీ నుండి మూడు సంవత్సరాలు' అని, పదకొండో నిబంధన 'కాలపరిమితి ముగిసిన పిమ్మట ఆరు నెలలు' అని, అనుబంధం '3 (ఐదు) సంవత్సరాలు' అని చెబుతున్నాయి. వీటిలో ఏది తేడా, ఏది తేడా కాదు? ప్రచురణకర్తకు మీరు అంచులో రాసే ప్రశ్నను మూడు పంక్తులు మించకుండా రాయండి.