తెల్లబోర్డు వీడియోలో మాసిపోతే

క్లాసులో తెల్లగా మెరిసిన బోర్డు ఫోన్ వీడియోలో బూడిదరంగులో పడుతుంది. ట్యూబులైట్లను తిట్టుకుని లాభం లేదు. ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యరకం బూడిదరంగే అన్న లెక్కతో కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ పనిచేస్తుంది. ఫ్రేము నిండా తెల్లబోర్డే ఉంటే, దాన్నీ ఆ రంగుకే దించేస్తుంది.

ఒక లెక్కల క్లాసు వీడియో ఉందనుకుందాం. దాన్ని ఆపి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని కలర్ పికర్‌తో చూడండి. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. బోర్డు ఎడమ చివర 150 ఉంది, కిటికీ వైపు 225. చాలామంది ఇక్కడే బ్రైట్‌నెస్ పెంచేస్తారు. దాంతో బోర్డుతోపాటు నల్ల గీతలూ తేలిపోతాయి. లెవెల్స్‌లో 150ని తెలుపుగా పెడితే ఎడమవైపు బాగానే ఉంటుంది కానీ, కిటికీ దగ్గర 180 ఉన్న పచ్చ మార్కర్ గీత బోర్డులో కలిసిపోతుంది.

వెలుతురు సమంగా లేనప్పుడు చేయాల్సింది భాగహారం. ఇంకా ఏమీ రాయని ఖాళీ బోర్డు ఫ్రేము ఒకటి తీసి, కాస్త బ్లర్ చేసి, వీడియోలోని ప్రతి ఫ్రేమునూ దాంతో భాగించాలి. పైథాన్‌లో ఓపెన్‌సీవీ వాడితే రెండు వరుసల పని:

```
bg = cv2.GaussianBlur(empty, (51, 51), 0)
out = cv2.divide(frame, bg, scale=255)
```

ఎడమవైపు 60 ఉన్న నల్ల గీతను 150తో భాగించి 255తో హెచ్చిస్తే 102 వస్తుంది. కిటికీ దగ్గరి పచ్చ గీత 180ని 225తో భాగిస్తే 204. రెండు చోట్లా బోర్డు 255కి చేరుతుంది, రెండు గీతలూ నిలుస్తాయి. షార్పెన్ చేయాలంటే దీని తర్వాతే, అదీ కొద్దిగా. ముందే చేస్తే గీతలకన్నా వీడియోలోని నలుసులే ఎక్కువ పదునెక్కుతాయి.

దీనికి రెండు షరతులు: కెమెరా కదలకూడదు, ఎక్స్‌పోజర్ మారకూడదు. ముదురు చొక్కా వేసుకున్న మాస్టారు బోర్డుకు అడ్డం వచ్చినప్పుడల్లా ఆటో ఎక్స్‌పోజర్ వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు ఖాళీ ఫ్రేము లెక్క తప్పి, లేత గీతలు మాయమవుతాయి. అందుకే రికార్డింగుకు ముందే చాలా ఫోన్లలో తెరను నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసుకోవచ్చు.

ఇక ట్యూబులైటు మెరుపు. ఆ మచ్చ మీద కలర్ పికర్ పెట్టండి. బోర్డు 245, గీత 225 చూపిస్తే పై భాగహారమే ఆ గీతను కొంత బయటకు తెస్తుంది, మచ్చలో మాత్రం కాంట్రాస్ట్ పెంచుకోవాలి. అంతటా 255 వస్తే అక్కడ గీత రికార్డే కాలేదు, ఏ ఫిల్టరూ తేలేదు. ఎవరి నోట్సులోనైనా ఆ వరుస ఉంటే టైపు చేసి వీడియో మీద అతికించడమే మార్గం. తర్వాతి క్లాసుకు ఫోన్‌ను కాస్త పక్కకు జరిపి చూడండి. కోణం మారితే మెరుపు కూడా జరుగుతుంది. రాసే చోటు నుంచి అది తప్పుకునేదాకా జరపాలి. కుదరకపోతే ఆ ఒక్క ట్యూబులైటు ఆర్పేయండి.