గోంగూరను తమిళంలో ఏమని వెతుకుతారు?

గుంటూరులో గోంగూర. తెలంగాణ పల్లెల్లో పుంటికూర. ఉత్తర కర్ణాటకలో పుండి సొప్పు, తమిళనాట పుళిచ్చ కీరై, మహారాష్ట్రలో అంబాడీ. ఆకు ఒకటే, పులుపూ ఒకటే. కానీ యూట్యూబ్ వెతుకు పెట్టెలో మనుషులు కొట్టే అక్షరాలు మాత్రం వేరు. గోంగూర పచ్చడి ఎలా చేయాలో చూపిస్తూ మీరొక వీడియో పెట్టారనుకుందాం. ఈ పేర్లతో వెతికేవాళ్ళందరికీ అది కనబడాలంటే ఏం చేయాలి?

చాలామంది శీర్షికను నాలుగు భాషల్లోకి మార్పించి, ట్యాగుల పెట్టెలో అన్ని భాషల మాటలూ కుక్కేసి, పని అయిపోయిందనుకుంటారు. ఈ రెండింటిలో మొదటిదానికి ఫలితం ఉంది, సరిగ్గా చేస్తేనే. రెండోదానికి దాదాపు లేదు.

ముందు ట్యాగుల సంగతి తేల్చేద్దాం. ఒక వీడియోకి ఉండేది ఒకే ట్యాగుల జాబితా. శీర్షికకీ వివరణకీ భాషకొకటి చొప్పున ఇవ్వొచ్చు గానీ, ట్యాగులకు అలాంటి ఏర్పాటు లేదు. మొత్తం 500 అక్షరాల్లో సర్దుకోవాలి. వీడియోను కనుక్కోవడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువనీ, జనం తరచూ తప్పుగా రాసే మాటలు ఉన్నప్పుడే అవి పనికొస్తాయనీ యూట్యూబ్ తన సహాయ పేజీల్లో తానే చెబుతోంది. కాబట్టి అక్కడ పెట్టాల్సినవి గోంగూర, గొంగూర, గోంగుర లాంటి రాతలు, gongura, gongoora లాంటి ఇంగ్లీషు అక్షరాల రూపాలు, వాటి పక్కన పొరుగు భాషల పేర్లు ఒక్కొక్కటి. ఐదు నిమిషాల పని. వివరణలో మాత్రం ఇలాంటి మాటల మూటను దింపకండి. అక్కడ ట్యాగులు గుప్పించడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం, దానివల్ల వీడియోనే పోవచ్చు.

అసలు పని శీర్షికలో ఉంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిస్తే ఎడమవైపు వరుసలో `Languages` అని ఉంటుంది, కొందరికి అదే `Subtitles` పేరుతో కనిపిస్తుంది. వీడియోను ఎంచుకున్నాక మొదట అడిగేది దాని సొంత భాష. ఇక్కడ తెలుగు అని పెట్టాలి. ఖాతా ఇంగ్లీషులో నడుస్తోంది కదా అని ఇంగ్లీషు వదిలేస్తే, మీ తెలుగు శీర్షికను యూట్యూబ్ ఇంగ్లీషు శీర్షికగా లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత `Add language` నొక్కి తమిళమో హిందీయో ఎంచుకుని, `Title & description` కింద ఆ భాషలో రాసి `Publish` నొక్కాలి. వీడియో ఒక్కటే, లింకు ఒక్కటే, వ్యూస్ కూడా ఒకే చోట చేరతాయి. చూసేవాళ్ళను బట్టి పైన పేరు మాత్రం మారుతుంది.

చిక్కు ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఎవరికి ఏ పేరు చూపించాలో యూట్యూబ్ ప్రధానంగా వాళ్ళ భాషా సెట్టింగును బట్టి తేల్చుకుంటుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది దానికి ముఖ్యం కాదు. మన ఊళ్ళలో ఫోన్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. వినేది తెలుగు, చూసేది తెలుగు, సెట్టింగు మాత్రం ఇంగ్లీషు. మీరు ఇంగ్లీషు అనువాదం ఏదీ ఇవ్వకపోతే వాళ్ళకు సాధారణంగా మీ తెలుగు శీర్షికే కనబడుతుంది. విదేశాల వాళ్ళ కోసమని ‘సోరెల్ లీవ్స్ చట్నీ’ అని ఇంగ్లీషు శీర్షిక ఇచ్చారో, తెనాలిలో మీ వీడియోలు రోజూ చూసే పిన్నిగారికి కూడా అదే కనబడుతుంది. ఆవిడ అది తనకు కాదనుకుని కిందికి జరిపేస్తుంది. బయటివాళ్ళను పిలవబోయి ఇంటివాళ్ళకు తలుపేసినట్టు అవుతుంది.

అందుకే ఇంగ్లీషు శీర్షికలో Gongura Pachadi అన్న మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే, మొదట్లోనే ఉంచాలి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. gongura pachadi ela cheyali అని అడుగుతారు. అమెరికాలో పుట్టి, తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకైతే ఉన్న దారి అదొక్కటే. వీళ్ళెవరూ ‘సోరెల్’ అని వెతకరు.

పైగా సోరెల్ అన్న మాట కూడా మనది కాదు. ఇంగ్లీషువాళ్ళు సోరెల్ అనే మొక్క మన చుక్కకూరకు దగ్గరి చుట్టం. నిఘంటువు చూసి ‘రోసెల్’ అని పెడితే, అది వృక్షశాస్త్రం ప్రకారం గోంగూర జాతే, తప్పు కాదు. కానీ రోసెల్ అని వెతికేవాళ్ళలో చాలామందికి కావలసింది ఆ మొక్క ఎర్రటి రక్షక పత్రాలతో కాచే పానీయం. నిఘంటువుకు సరిపోయిన మాట వెతికేవాళ్ళకు సరిపోలేదు. శీర్షికల అనువాదంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

తమిళంలోకి వెళ్తే మరో గుంట. మనకు పచ్చడి అంటే కారం, పులుపు, పోపు. తమిళులకు పచ్చడి అంటే ఎక్కువగా పెరుగు కలిపిన చల్లని వంటకం. వాళ్ళ సంవత్సరాదికి చేసే మామిడికాయ పచ్చడిలో బెల్లం పడుతుంది. కేరళలోనూ పచ్చడి అంటే పెరుగే గుర్తొస్తుంది. కాబట్టి తమిళ అక్షరాల్లో పచ్చడి అని రాస్తే మాట అదే అయినా వంటకం మారిపోతుంది. మనం నూనెలో మగ్గించి చేసే గోంగూర పచ్చడికి వాళ్ళ మాట తొక్కు. హిందీవాళ్ళ కోసమైతే మరో ప్రశ్న వేసుకోవాలి: మీరు చేసింది ఈ పూటకు రోట్లో నూరిన పచ్చడా, ఏడాది పాటు నిలవుండేదా? మొదటిది వాళ్ళకు చట్నీ, రెండోది అచార్. తెలుగులో రెండూ పచ్చడే కాబట్టి, వంట చూడకుండా శీర్షిక మాత్రమే చదివి అనువదించేవాళ్ళకు ఈ తేడా తెలిసే దారి లేదు.

ఇవన్నీ చూసుకున్నాక మన వీడియో శీర్షికలు ఇలా తేలతాయి:

```
te: గోంగూర పచ్చడి | పుంటికూర పచ్చడి రోట్లో నూరితే
en: Gongura Pachadi | Andhra Sour Leaf Chutney
hi: आंध्रा गोंगुरा चटनी | अंबाड़ी की चटनी
ta: ஆந்திரா கோங்குரா தொக்கு | புளிச்ச கீரை தொக்கு
kn: ಪುಂಡಿ ಸೊಪ್ಪಿನ ಚಟ್ನಿ | ಆಂಧ್ರ ಗೊಂಗುರ
```

ప్రతి భాషలోనూ రెండు పేర్లున్నాయి చూడండి. గోంగూర అన్న పేరు ఆంధ్రా హోటళ్ళ పుణ్యమా అని చెన్నైలోనూ బెంగళూరులోనూ చాలామందికి తెలుసు. ఆ పేరుతో వెతికేవాళ్ళు వేరు, తమ ఇంటి పేరుతో వెతికేవాళ్ళు వేరు. ఇద్దరికీ చోటివ్వాలి. కన్నడంలో ఇంటి పేరు ముందు పెట్టాం, ఎందుకంటే ఉత్తర కర్ణాటకలో ఆ కూర రోజూ వండుకునేదే. హిందీలో గోంగూరను ముందు పెట్టాం, ఎందుకంటే ఉత్తరాదిన దాన్ని ఆంధ్రా రుచిగానే వెతుకుతారు.

ఏది ముందో ఊహించుకోనక్కర్లేదు. వెతుకు పెట్టెలో ఆ భాష అక్షరాల్లో సగం మాట కొడితే, కింద జారే సూచనలు జనం నిజంగా వెతికే మాటలే. గూగుల్ ట్రెండ్స్‌లో వెబ్ బదులు `YouTube Search` ఎంచుకుంటే రెండు పేర్లను పక్కపక్కన పెట్టి, ఏ రాష్ట్రంలో ఏది ఎక్కువో పోల్చుకోవచ్చు.

శీర్షికకు ఉన్న హద్దు 100 అక్షరాలు. కానీ అది మన లెక్క కాదు. గుణింతం గుర్తునూ, సున్ననూ, ఒత్తునూ కంప్యూటర్ విడివిడిగా లెక్కపెడుతుంది. గోంగూర మనకు మూడక్షరాలు, దానికి ఆరు. ‘స్త్రీ’ మనకు ఒక్కటే, దానికి ఆరు. కాబట్టి తెలుగు శీర్షిక అనుకున్నదానికన్నా త్వరగా నిండిపోతుంది. పైగా ఫోన్ తెర మీద పొడవాటి శీర్షికల చివర తెగిపోతుంది. అసలు పేరు ముందుండాలి, ‘ఒక్కసారి ఇలా చేసి చూడండి’ లాంటి మాటలు మిగిలితేనే.

వివరణ 5,000 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, మొదటి రెండు వాక్యాలే పైకి కనబడతాయి. అక్కడ ఆకు పేర్లను మామూలు వాక్యంలో చెప్పేయండి: దీన్ని తెలంగాణలో పుంటికూర అంటారు, ఇంగ్లీషు అక్షరాల్లో gongura అని రాస్తారు, అని. చదివేవాళ్ళకూ అర్థమవుతుంది, వెతికేవాళ్ళకూ అందుతుంది, నియమమూ తప్పదు. కావలసిన సామాన్ల జాబితా మాత్రం ప్రతి భాషలోనూ పూర్తిగా ఇవ్వాలి. ధనియాలు, మెంతులు ఎన్ని వేయాలో చూసుకోవడానికి కిందికి వచ్చేవాళ్ళు తెలుగు చదవలేరు కదా.

శీర్షిక మారినంత మాత్రాన వీడియో మారదు. కోయంబత్తూరులో ఒకరు తమిళ శీర్షిక చూసి నొక్కారు, లోపల తెలుగు వినబడింది, పది సెకన్లలో వెళ్ళిపోయారు. ఇలా వెళ్ళిపోయేవాళ్ళు పెరిగితే వీడియోను ముందుకు నెట్టడం యూట్యూబ్ తగ్గిస్తుంది. అంటే ఆ అనువాదం మీకు నష్టమే చేసింది. అందుకని ఏ భాషలో శీర్షిక ఇస్తారో ఆ భాషలో ఉపశీర్షికలు కూడా ఇవ్వాలి, ఇచ్చామని శీర్షికలోనో వివరణ మొదట్లోనో చెప్పాలి. అంత ఓపిక లేకపోతే ఐదు భాషలకు బదులు రెండే పెట్టుకోండి. థంబ్‌నెయిల్ మీద పెద్దగా రాసిన తెలుగు అక్షరాలు కూడా శీర్షికతో పాటు వాటంతట అవి మారవు. అక్కడ మాటలు తగ్గించి, ఆకునూ రోటినీ చూపిస్తే అన్ని భాషలకూ సరిపోతుంది.

అన్నీ పెట్టాక పరీక్షించుకోవడం తేలిక. కంప్యూటర్‌లో ఖాతా లేకుండా ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, యూట్యూబ్ భాషను తమిళానికి మార్చి మీ వీడియో చూడండి. పేరు తమిళంలో కనబడితే అనువాదం ఎక్కినట్టే. తర్వాత నెల రోజులాగి, అనలిటిక్స్‌లో యూట్యూబ్ సెర్చ్ ద్వారా వచ్చినవాళ్ళు ఏ మాటలు కొట్టారో చూడండి. తమిళ, హిందీ అక్షరాలు ఆ జాబితాలో ఉంటే శీర్షిక పని చేస్తోంది. వ్యూస్ వచ్చినా చూసే సమయం పడిపోయి ఉంటే లోపం ఉపశీర్షికల్లో ఉంది. అసలు ఏ మాటా రాకపోతే మీరు వాడిన పేరు అక్కడివాళ్ళది కాదు. ఆ భాష వాళ్ళు ఒకరికి ఆకు ఫొటో పంపి, ‘మీ ఇంట్లో దీన్నేమంటారు?’ అని అడగండి. ‘దీన్ని అనువదించి పెట్టండి’ అని మాత్రం అడగకండి.

ఆ ప్రశ్నను పొరుగు రాష్ట్రాల కన్నా ముందు మన దగ్గరే మొదలుపెట్టడం మంచిది. పుంటికూర అన్న మాట లేని గోంగూర వీడియోకి మొట్టమొదట కావలసింది తెలుగు నుంచి తెలుగులోకి అనువాదం.