భోగ్యపు ఇల్లు: డిపాజిట్టులో దాగిన అద్దె

1. ఉపోద్ఘాతం

బెంగళూరులో ఇల్లు వెతికే తెలుగువారికి ‘లీజు ఇల్లు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. కన్నడంలో దీనిని ‘భోగ్యం’ అంటారు. అద్దెదారు యజమానికి పెద్ద మొత్తాన్ని ముందుగా చెల్లిస్తాడు. నెలసరి అద్దె ఉండదు, లేదా తక్కువగా ఉంటుంది. గడువు ముగిశాక అసలు తిరిగి వస్తుంది కనుక ఖర్చు లేదనే భావన ఏర్పడుతుంది. అయితే ఆ సొమ్ము తన వద్దే ఉంటే వచ్చే ఆదాయాన్ని అద్దెదారు వదులుకుంటున్నాడు. దీనినే అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58(డి) సెక్షన్ నిర్వచించిన భోగ్యపు తనఖాలో అప్పిచ్చినవాడు ఆస్తిపై వచ్చే రాబడిని వడ్డీకి బదులుగా పొందవచ్చు. లీజు ఇంటి లెక్క కూడా ఇదే. ఇక్కడ అద్దెదారు నిజానికి రుణదాత.

2. గణన విధానం

నిజమైన నెల అద్దె = చెల్లించే అద్దె + (డిపాజిట్టు × వార్షిక రేటు ÷ 12)

ఒకే ఇంటికి రెండు ప్రతిపాదనలు ఉన్నాయనుకుందాం. మొదటిది 1,50,000 రూపాయల డిపాజిట్టు, 25,000 అద్దె. రెండవది 15,00,000 డిపాజిట్టు, 8,000 అద్దె. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న లక్షన్నరను మినహాయిస్తే, రెండవదానిలో అదనపు డిపాజిట్టు 13,50,000.

బ్యాంకు వడ్డీ 7 శాతం, ఆదాయపు పన్ను 20 శాతం అనుకుంటే చేతికి వచ్చేది 5.6 శాతం. వదులుకున్న ఆదాయం ఏడాదికి 75,600, నెలకు 6,300. అప్పుడు రెండవ ఇంటి అద్దె 8,000 కాదు, 14,300. అదే సొమ్మును 12 శాతం వడ్డీకి అప్పు తెస్తే నెలకు 13,500 కలిసి అద్దె 21,500 అవుతుంది. కనుక రేటు అద్దెదారు పరిస్థితిని బట్టి మారుతుంది. ద్రవ్యోల్బణాన్ని విడిగా కలపరాదు. బ్యాంకు వడ్డీలో అది కొంతవరకు ఇమిడి ఉంటుంది, కలిపితే రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

3. సమాన రేటు, దాని సూచన

రెండు ప్రతిపాదనలూ సమానమయ్యే రేటును కూడా కనుగొనవచ్చు. నెలకు తగ్గిన అద్దె 17,000, ఏడాదికి 2,04,000. దీనిని 13,50,000తో భాగిస్తే సుమారు 15.1 శాతం. అద్దెదారు రేటు ఇంతకన్నా తక్కువైతే రెండవది లాభంగా కనిపిస్తుంది.

అయితే బ్యాంకు రుణం కన్నా ఎక్కువ ఖరీదుకు యజమాని ఈ సొమ్మును ఎందుకు తీసుకుంటున్నాడన్నదే అసలు ప్రశ్న. ఇల్లు ఇప్పటికే బ్యాంకు తనఖాలో ఉండవచ్చు. లేదా కొత్త అద్దెదారు దొరికితే తప్ప పాత డిపాజిట్టు ఇవ్వలేని స్థితి ఉండవచ్చు. ఇల్లు ఖాళీ చేశాక 15,00,000 ఆగిపోతే, పై 5.6 శాతం లెక్కన నెలకు 7,000 నష్టం. అసలే రాకపోతే ఏ ఆదా దానిని పూడ్చలేదు.

4. ముగింపు

నూరు రూపాయలు లేదా అంతకు మించిన భోగ్యపు తనఖా రిజిస్టరు పత్రం ద్వారానే చెల్లుతుందని అదే చట్టంలోని 59వ సెక్షన్ చెబుతుంది. సాధారణ అద్దె ఒప్పందంలో డిపాజిట్టు అని రాసుకున్నంత మాత్రాన ఇంటిపై తనఖా హక్కు రాదు. కనుక వదులుకున్న వడ్డీని లెక్కించిన అద్దెదారు, సొమ్ము ఇచ్చేముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టును కూడా పరిశీలించాలి. 15.1 శాతంలో కొంత భాగం ఆదా కాదు, అది నష్టభయానికి లభిస్తున్న ప్రతిఫలం.