‘ఒక్క గంటే కదా బాబూ!’

పెళ్లి నాలుగు రోజులుందనగా ఫోటోగ్రాఫర్‌కి ఆడపెళ్లివారి దగ్గర్నుంచి ఫోనొస్తుంది. “బాబూ, గురువారం పొద్దున్న పెళ్లికూతుర్ని చేస్తున్నాం. మీ కుర్రాణ్ణొకణ్ణి పంపించెయ్యి. ఒక్క గంటే కదా!” డబ్బు మాట ఉండదు. మాట్లాడుకున్నది పెళ్లి, రిసెప్షన్, నలభై షీట్ల ఆల్బమ్. మొత్తం లక్షా ఇరవై వేలు.

కాదంటే మొహం మాడ్చుకుంటారు. ఆ ఇంట్లో రెండో అమ్మాయి కూడా ఉంది. సరేనంటే ఆ గంట ఎంతవుతుందో లెక్క వేసి చూద్దాం. కుర్రాడికి పూట కూలీ మూడు వేలు, రానుపోను అయిదొందలు. తీసిన నాలుగైదు వందల ఫోటోల్లోంచి మంచివి ఏరి, రంగులు సరిచేయడానికి కంప్యూటర్ దగ్గర ఒక మనిషికి పూర్తి రోజు, అంటే రెండు వేలు. మొత్తం అయిదున్నర వేలు. ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి గానీ, అడిగినవాళ్లకు కనిపించేది మాత్రం ఎక్కడైనా ఆ గంటే. తర్వాతి రోజంతా చేసే పని వాళ్ల కంట పడదు. పేచీ అక్కడే మొదలవుతుంది.

ఫోన్లో ధర చెప్పకూడదు. తడుముకుంటూ చెప్పిన ధర బేరానికి పిలుపే. “చాలా సంతోషం బాబాయిగారూ. సాయంత్రంలోగా ఎలా చేయొచ్చో రాసి పంపిస్తాను, మీరు చూసి చెప్పండి” అంటే చాలు. అవునూ కాదు, కాదూ కాదు. సాయంత్రం వాట్సాప్‌లో వెళ్లాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు:

“గురువారం కార్యక్రమం మనం మాట్లాడుకున్న దాంట్లో లేదండి. మూడు రకాలుగా చేయొచ్చు. ఒకటి, ఒక ఫోటోగ్రాఫర్ మూడు గంటలు ఉంటాడు. సరిచేసిన 150 ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం, ఆల్బమ్‌లో రావు: 8,000. రెండు, ఫోటోతో పాటు వీడియో, ఆల్బమ్‌లో అదనంగా ఎనిమిది షీట్లు: 19,000. మూడు, అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు. రిసెప్షన్‌లో క్యాండిడ్ కెమెరా తీసేసి, ఆ మనిషినే గురువారం పంపిస్తాం. రేపు సాయంత్రంలోగా చెబితే మనిషిని ఖాయం చేస్తాను.”

ఈ మెసేజ్‌కి ప్రాణం మూడోది. చేతిలో డబ్బు లేని మనిషికి కూడా పరువు పోకుండా దారి చూపిస్తుంది. మొత్తం మారదు, పని మాత్రం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరుగుతుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఎనిమిది వేలన్నది గీసి గీసి అడిగితే, అదే పని నాలుగు వేలకు ఒప్పేసుకుంటారు. దాంతో మొదట చెప్పిన ధర అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది, లక్షా ఇరవై వేల మీద కూడా అనుమానం పాకుతుంది. ధర తగ్గాలంటే పని కూడా తగ్గాలి. మూడు గంటలు రెండవ్వాలి, లేదా 150 ఫోటోలు 60 అవ్వాలి.

విసుగొచ్చి, అసలు అడక్కుండా ఉండాలని ధర రెట్టింపు చేసి చెప్పేవాళ్లూ ఉన్నారు. పెళ్లివారు పక్క స్టూడియోలో వాకబు చేయడానికి పది నిమిషాలు చాలు.

అన్నిటికీ ధర కట్టమని కాదు. మండపంలో ఎవరో మేనత్త “మా ఇంటిల్లిపాదికీ ఒక్క ఫోటో” అంటే తీసేయాల్సిందే. కాస్త పెద్ద సాయం చేసినప్పుడు మాత్రం బిల్లులో “అదనపు గంట 2,500, తగ్గింపు 2,500” అని ఒక వరుస కనబడాలి. ఉచితంగా ఇచ్చినదానికి కూడా విలువ ఉందని ఆ వరుస చెబుతుంది. అది లేకపోతే రెండో అమ్మాయి పెళ్లిలో అదే హక్కవుతుంది.

ఒక్క సందర్భంలో ఈ పద్ధతి పనికిరాదు. ఒప్పుకున్న కాగితం మీద ‘పెళ్లి కవరేజి పూర్తిగా’ అని రాసుంటే, పెళ్లికూతుర్ని చేయడం పెళ్లిలో భాగమేనని వాళ్లంటారు. ఆ మాటలో న్యాయముంది. ఆ గంట మన నష్టమే, పంతానికి పోకుండా చేసిపెట్టడమే మంచిది. తర్వాతి పెళ్లి కాగితంలో కార్యక్రమాల పేర్లు, తేదీలు, గంటలు విడివిడిగా రాసుకోవాలి. కింద అదనపు గంటకు ఎంత, అదనపు షీటుకు ఎంత అన్నది కూడా ముందే ఉండాలి.

ఆ రెండు వరుసల అవసరం మండపంలో తెలిసొస్తుంది. తలంబ్రాలు అయిపోయాక పెళ్లికొడుకు తండ్రి వచ్చి భుజం మీద చెయ్యేసి, “రేపు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, నువ్వే రావాలి” అంటాడు. అప్పుడు నాలుగు కార్డులు మారుస్తూ, మెడలో రెండు కెమెరాలు వేసుకుని ధర ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? “తప్పకుండానండి, కాగితంలో గంట రేటు ఉంది కదా, మూడు గంటలకు ఏడున్నర వేలవుతుంది. ‘సరే’ అని ఒక్క మెసేజ్ పెట్టండి, పొద్దున్నే మనిషి ఉంటాడు.” ఆ మెసేజ్ రాకపోతే మనిషి కూడా వెళ్లడు.