పదివేల నూట ఎనభై నాలుగు రూపాయల తేడా

జూలై మొదటి వారంలో విజయవాడలో సీసీ కెమెరాలు అమ్మే ఓ చిన్న కంపెనీ ఓనరు ఫోన్ చేశారు. "మా ఏజెంట్లకు నెలనెలా పంపే మెసేజ్ ఒకటుందండీ. దాన్ని కాస్త అర్థమయ్యే తెలుగులో రాసిపెట్టాలి" అన్నారు. కరపత్రాలు, నోటీసులు, కంపెనీ ఉత్తరాలు రాసిపెట్టడం నా పని. నాలుగు లైన్ల మెసేజే కదా, అరగంటలో అయిపోతుందనుకుని వెళ్లాను. నాలుగు రోజులు పట్టింది.

ఆ కంపెనీ ఏజెంట్లకు జీతం ఉండదు. సెట్టు అమ్మితే కమిషన్, అమ్మకపోతే లేదు. నెల తిరగ్గానే వాళ్ల వాట్సాప్‌కు వెళ్లే మెసేజ్ ఇది:

"డియర్ పార్ట్‌నర్, జూన్ నెలకు గాను వర్తించు కోతల అనంతరం మీ నికర కమిషన్ రూ. 10,584 మీ ఖాతాకు జమ చేయబడినది. అభ్యంతరములున్నచో 7 దినములలోగా తెలియజేయవలెను. లేనిచో అంగీకరించినట్లు భావించబడును."

ఇది వెళ్లిన సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయట. నేను అక్కడ కూర్చుని ఉండగానే గుడివాడ వైపు తిరిగే ఏజెంటు ఒకాయన చేశారు. అకౌంట్స్ చూసే ఆవిడ స్పీకర్ ఆన్ చేశారు. "మేడమ్, నెలంతా ఎండలో తిరిగి పదకొండు సెట్లు ఇప్పించాను. ఇరవై వేలు దాటాలి. పదివేలేంటండీ? మిగతాది ఏమైనట్టు?"

ఆవిడ కంప్యూటర్‌లో అంతా ఉంది. ఆయనకు పంపిన మెసేజ్‌లో మాత్రం ఒక్క అంకె ఉంది. తెలుగు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ తేడా ఎక్కడిదో తేల్చాలనిపించింది. ఆయన లెక్క ఎలా వేసుకున్నారో అడిగి కాగితం మీద రాసుకున్నాను. సెట్టు బిల్లు 23,600. పదకొండు సెట్లకు 2,59,600. అందులో ఎనిమిది శాతం 20,768. కంపెనీ ఇచ్చింది 10,584. తేడా 10,184. ఆయన గుణకారంలో తప్పేమీ లేదు.

మొదటి తేడా జీఎస్టీ. బిల్లులో సెట్టు అసలు ధర 20,000, దాని మీద 18 శాతం పన్ను 3,600. ఆ పన్ను ప్రభుత్వానికి పోయేది కాబట్టి కమిషన్ 20,000 మీదే. ఇక్కడ ఏజెంట్లు గమనించాల్సిన కిటుకు ఒకటుంది. బిల్లు మొత్తం నుంచి పన్ను విడదీయాలంటే 1.18తో భాగించాలి. కొందరు గుమాస్తాలు 23,600లోంచి 18 శాతం తీసేస్తారు. అలా చేస్తే 19,352 వస్తుంది. కమిషన్ లెక్కగట్టే ధర సెట్టుకు 648 రూపాయలు తగ్గిపోతుంది, ఎవరూ కనిపెట్టరు. ఈ కంపెనీలో ఆ పొరపాటు లేదు. పన్ను పక్కన పెట్టేసరికి ఆయన లెక్క 20,768 నుంచి 17,600కి దిగింది.

రెండోది, పదకొండు ఆర్డర్లలో రెండింటికి కస్టమర్లు ఇంకా పూర్తి డబ్బు కట్టలేదు. డబ్బు మొత్తం అందాకే కమిషన్ అని ఒప్పందంలో ఉంది. ఎనిమిది శాతం చొప్పున 3,200 అలా ఆగింది. ఈ డబ్బు ఎక్కడికీ పోలేదు, వెనక వస్తుంది. ఆ ఒక్క మాట మెసేజ్‌లో లేకపోవడంతో ఆగిన డబ్బు కూడా ఆయన దృష్టిలో కొట్టేసిన డబ్బే అయింది.

అసలు పేచీ మూడోదాని దగ్గర. కంపెనీ ఏజెంట్లకిచ్చిన కాగితంలో "నెలకు 6 సెట్ల వరకు 6 శాతం, 6 సెట్లు దాటితే 8 శాతం" అని ఉంది. దాటితే అన్నిటికీ ఎనిమిదా, దాటిన వాటికే ఎనిమిదా? ఏజెంటు మొదటిదనుకున్నారు, కంపెనీ రెండోది లెక్కేసింది. ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు చదివాను. రెండర్థాలూ అందులో ఉన్నాయి, ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. కంపెనీ ఉద్దేశం ప్రకారం మొదటి ఆరు సెట్లకు 1,200 చొప్పున 7,200, ఏడు నుంచి తొమ్మిది దాకా 1,600 చొప్పున 4,800, మొత్తం 12,000. స్లాబ్ దగ్గర తేడా 2,400. దాన్ని "మొదటి 6 సెట్లకు 6 శాతం, 7వ సెట్టు నుంచి 8 శాతం" అని మారిస్తే రెండో అర్థానికి తావుండదు.

అలా మారుస్తుంటేనే ఇంకో చిక్కు బయటపడింది. ఆగిపోయిన ఆ రెండు సెట్లకు జూలైలో డబ్బు వస్తే ఏ రేటు? జూన్ ఆర్డర్లుగా చూస్తే అవి పదోది, పదకొండోది, కాబట్టి 1,600 చొప్పున ఇవ్వాలి. జూలై ఖాతాలో వేస్తే మళ్లీ ఒకటోది, రెండోది అయి 1,200కి పడిపోతాయి. ఓనరునడిగితే అకౌంట్స్ ఆవిడ వైపు చూశారు. ఆవిడ "సాఫ్ట్‌వేర్ డబ్బు వచ్చిన నెలలోనే వేస్తుంది సార్" అన్నారు. అంటే ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదది, సాఫ్ట్‌వేర్ పెట్టింది. కస్టమరు ఆలస్యంగా కడితే ఏజెంటు సెట్టుకు 400 పోగొట్టుకుంటున్నాడన్నమాట. ఓనరు కాసేపు ఆలోచించి, ఆర్డరు ఏ నెలదైతే ఆ నెల రేటే ఇద్దామన్నారు. మెసేజ్‌ను తిరగరాయడంలో నాకు కనిపించిన అసలు ప్రయోజనం ఇదే. "వర్తించు కోతల అనంతరం" అన్న మూడు మాటల వెనక నియమం లేకపోయినా ఎవరికీ తెలియదు. లెక్క వరసగా రాయబోతేనే ఆ బొక్క కనిపించింది.

నాలుగోది వెనక్కి వచ్చిన సెట్టు. మే నెలలో ఆయన అమ్మిన ఒక సెట్టును కస్టమరు జూన్‌లో తిరిగిచ్చేశాడు. మేలో దాని మీద ఇచ్చిన 1,200 ఇప్పుడు పట్టుకున్నారు. ఇక్కడ చూసుకోవాల్సింది ఏ రేటున ఇచ్చారో ఆ రేటుకే పట్టుకున్నారా అన్నది. మేలో ఆయన అమ్మింది ఐదే సెట్లు, అన్నీ ఆరు శాతం కిందివి. ఈ నెల ఎనిమిది శాతం ఉంది కదా అని 1,600 కోస్తే అది అన్యాయం. 12,000లో 1,200 పోగా మిగిలింది 10,800.

ఇక టీడీఎస్. కమిషన్ మీద 2024 అక్టోబరు 1 దాకా ఐదు శాతం ఉండేది, ఆ రోజు నుంచి రెండు శాతమైంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది మొత్తం కమిషన్ 20,000 దాటితేనే కోత. 10,800కి రెండు శాతం 216. ఇది కంపెనీ మిగుల్చుకునే డబ్బు కాదు. ఏజెంటు పాన్ మీద ప్రభుత్వానికి జమవుతుంది, రిటర్ను దాఖలు చేసి, కట్టాల్సిన పన్ను లేకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే మాత్రం కోత 20 శాతం, అంటే ఇదే లెక్కకు 2,160.

216 కూడా పోతే 10,584. పైసాతో సహా సరిపోయింది. ఎవరూ ఎవరి డబ్బూ తినలేదు.

ఇక "7 దినములలోగా" అన్న మాట. ఏడు రోజులు ఎప్పటి నుంచి? మెసేజ్ వచ్చిన రోజు నుంచా, డబ్బు పడిన రోజు నుంచా? ఆదివారాలు కలిపా, తీసేసా? ఎవరికి చెప్పాలి? ఫోన్‌లో చెబితే చెప్పినట్టా? ఏమీ లేదు. పైగా డబ్బు పడ్డాక అభ్యంతరం అడగడం తిరగేసిన వరస. కమిషన్ పేచీల్లో తరచూ మూడో మనిషి కూడా ఉంటాడు. ఒక సెట్టు నాది అని ఒకరంటే, అది అప్పటికే ఇంకొకరి పేరున లెక్కయి ఉంటుంది. ఇద్దరికీ డబ్బు పడ్డాక సరిదిద్దాలంటే ఒకరి దగ్గర వెనక్కి లాగాలి. అందుకని లెక్క ముందు, గడువు తర్వాత, డబ్బు ఆఖర్న అని తేదీలు మార్చాం.

"లేనిచో అంగీకరించినట్లు భావించబడును" అన్న ముక్క తీసేయమన్నాను. ఓనరుకు అది ఇష్టం లేదు. "లేకపోతే ఆర్నెల్ల తర్వాత వచ్చి అడుగుతారండీ" అన్నారు. అడగనివ్వండి అన్నాను. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దానిలోని 28వ సెక్షన్‌కు 1997లో వచ్చిన సవరణ ప్రకారం, గడువు దాటితే హక్కే పోతుందని రాసుకున్న షరతు చెల్లదు. రావాల్సిన డబ్బు కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల వ్యవధి ఉంది. కాబట్టి ఏడు రోజుల గడువన్నది ఈ నెల చెల్లింపులో సరిదిద్దడానికి పెట్టుకున్న ఏర్పాటు, అంతే. ఆ గడువు దాటినంత మాత్రాన కంపెనీ బాకీ తీరిపోదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోతుంది.

జూన్ అంకెలతోనే తయారుచేసిన నమూనా ఇది:

"నమస్కారమండీ. మీ జూన్ కమిషన్ రూ. 10,584. జూలై 15న మీ ఖాతాలో పడుతుంది.

జూన్‌లో మీరు తెచ్చిన ఆర్డర్లు 11. పూర్తి డబ్బు అందినవి 9. కమిషన్ లెక్క జీఎస్టీ కాకుండా సెట్టుకు 20,000 మీద.
మొదటి 6 సెట్లు, 6 శాతం చొప్పున: 7,200
7 నుంచి 9వ సెట్టు దాకా, 8 శాతం చొప్పున: 4,800
మే నెల సెట్టు ఒకటి వెనక్కి వచ్చింది, అప్పుడిచ్చిన కమిషన్ తీసేశాం: 1,200
టీడీఎస్ 2 శాతం, మీ పాన్ మీద కడతాం: 216

ఇంకా రావాల్సినవి 2 సెట్లు. డబ్బు అందాక జూన్ రేటుకే, సెట్టుకు 1,600 చొప్పున ఇస్తాం. అన్ని బిల్లు నంబర్లూ కింద ఉన్నాయి.

లెక్కలో తేడా కనిపిస్తే జూలై 12 సాయంత్రం 6 లోపు బిల్లు నంబరు, తేడా ఏమిటో రాసి ఇదే నంబరుకు పంపండి. 14లోపు జవాబిస్తాం. పేచీ లేని డబ్బు 15న ఎలాగూ పడుతుంది. 12 తర్వాత చెప్పినవి వచ్చే నెల లెక్కలో చూస్తాం."

పాతదానికంటే చాలా పొడుగు. ఎస్సెమ్మెస్‌లో పంపితే కుదరదు, తెలుగు అక్షరాలైతే ఒక్కో ఎస్సెమ్మెస్‌లో డెబ్భైకి మించి పట్టవు. వాట్సాప్‌కు ఆ బాధ లేదు. ఓనరు మాత్రం "ఇంత ఎవరు చదువుతారండీ" అన్నారు. రావాల్సిన డబ్బు సంగతైతే చదువుతారన్నాను.

జూలై లెక్క ఆగస్టు 5న కొత్త పద్ధతిలో వెళ్లింది. గుడివాడ ఏజెంటు ఈసారి ఫోన్ చేయలేదు. 11వ తేదీన ఒక బిల్లు నంబరు పెట్టి, "ఇది నాది, జాబితాలో లేదు" అని రాశారు. వెతికితే ఆ బిల్లు పొరపాటున ఇంకో ఏజెంటు కోడ్ కింద ఎక్కింది. ఇద్దరికీ సవరించిన లెక్క 14న వెళ్లింది, డబ్బు 15న పడింది. ఎవరి దగ్గరా రూపాయి వెనక్కి తీసుకోవాల్సిన పని పడలేదు.