ఫొటోలో రంగును నమ్మొచ్చా?

టేకు సోఫా పక్కన గోడమీద మూడు రంగుల పట్టీలు వేసి, ఏమీ రాయకుండా ఎవరో ఫొటో పంపారనుకోండి. ఏది నప్పుతుందో చెప్పేముందు అందులో తెల్లకాగితం లాంటిది ఉందేమో వెతకండి. పాత స్విచ్‌బోర్డు పనికిరాదు, అది తానే పసుపెక్కి ఉంటుంది. కాగితం పసుపుగా కనిపిస్తే, వెలుగు 2700 కెల్విన్ బల్బుది కావచ్చు. అప్పుడు మీగడరంగులా తోచే పట్టీ నిజానికి లేత బూడిదరంగే కావచ్చు.

ఒకే వెలుగు పడ్డ పట్టీల్లో ఏది ముదురో, ఏది లేతో చాలావరకు నమ్మొచ్చు. కిటికీ పక్కదాన్నీ మూలలోదాన్నీ మాత్రం పోల్చకండి.

ఇంకో చిక్కుంది. పెయింటులోని రంగుపదార్థం వేరు, సోఫా గుడ్డకు అద్దిన రంగు వేరు. బల్బు కింద కలిసిపోయినవి పగటి వెలుగులో విడిపోవచ్చు. ఒక్క ఫొటోను ఎంత సవరించినా ఆ తేడా బయటపడదు. అందుకే కాగితం పెట్టి పగలొకటి, రాత్రొకటి తీసి పంపమనండి.