మూడు వందలో రివ్యూకీ అదే తీర్పు

భాషను కంప్యూటరుకు నేర్పేందుకు వాడే డేటాలో కొంత భాగానికి ముందుగా మనుషులే లేబుళ్లు పెడతారు. ఈ వాక్యం మెచ్చుకోలు, ఇది ఫిర్యాదు, ఇది రెండూ కాదు అని ఒక్కొక్కటే చదివి గుర్తు పెట్టే ఈ పని డేటా లేబులింగ్, చేసేవారు అనొటేటర్లు. ఒక బ్యాచ్‌లో ఒకే తరహా టాస్కులు వందల కొద్దీ వస్తాయి. విడిగా చూస్తే ఏదీ పెద్ద కష్టం కాదు. పొద్దున ఒక వాక్యానికి ఇచ్చిన లేబులే సాయంత్రం అలాంటి వాక్యానికి మళ్లీ ఇవ్వడం దగ్గరే చిక్కు వస్తుంది.

తీర్పు జారడానికి రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి. వరసగా ఇరవై ఘాటైన తిట్లు చదివాక వచ్చే చిన్న ఫిర్యాదు ఫిర్యాదులా అనిపించదు, దానికి 'తటస్థం' పడిపోతుంది. అదే ఫిర్యాదు పొగడ్తల మధ్య వచ్చి ఉంటే 'ప్రతికూలం' అయ్యేది. రెండో కారణం ఇంకా మామూలుది. మొదటి రోజు గైడ్‌లైన్ పత్రాన్ని శ్రద్ధగా చదివిన మనిషి, యాభై టాస్కులు దాటాక దాన్ని తెరవడం మానేసి జ్ఞాపకం మీద పనిచేస్తాడు. జ్ఞాపకంలో నియమం మిగులుతుంది, దాని మినహాయింపు మిగలదు.

ఒక ఊహా ప్రాజెక్టును తీసుకుందాం. ఫోన్ల మీద తెలుగులో వచ్చిన రివ్యూలకు సానుకూలం, ప్రతికూలం, మిశ్రమం, తటస్థం అనే నాలుగింటిలో ఒక లేబుల్ పెట్టాలి. గైడ్‌లైన్‌లో నాలుగు నియమాలున్నాయి. 2.1 ప్రకారం వస్తువు గురించిన అభిప్రాయమే లెక్క, డెలివరీ, అమ్మినవారి తీరు లెక్కలోకి రావు. 2.2 ప్రకారం వస్తువులో మంచీ చెడూ రెండూ చెబితే మిశ్రమం. 2.3 ప్రకారం రాసినవారు చివరికి తమ తీర్పు తామే స్పష్టంగా చెబితే 2.2 పక్కకు పోయి ఆ తీర్పే లేబుల్ అవుతుంది. 2.4 ప్రకారం అభిప్రాయమే లేకపోతే తటస్థం.

'ఫోను బాగుంది గానీ పది రోజులకు వచ్చింది' అన్న రివ్యూలో మంచీ చెడూ రెండూ ఉన్నట్టుంటాయి. కానీ చెడు డెలివరీది. 2.1 దాన్ని ముందే తీసేస్తుంది కనుక ఇది సానుకూలం. 'కెమెరా సూపర్, బ్యాటరీ మాత్రం పూటకే అయిపోతోంది' అంటే మిశ్రమం. దానికే 'మొత్తానికి డబ్బులు దండగ' అని తోక తగిలితే 2.3 వల్ల ప్రతికూలం. ఇక్కడ నియమాలు ఎన్ని గుర్తున్నాయన్నదాని కన్నా వాటిని ఏ వరసలో అడుగుతున్నామన్నదే ఫలితాన్ని మారుస్తుంది. 2.2ను ముందు అడిగిన అనొటేటరుకు మొదటి రివ్యూ కూడా మిశ్రమంగానే తోస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు పని మొదలుపెట్టక ముందే పత్రాన్ని ప్రశ్నల వరసగా మార్చి అరపేజీ కాగితం మీద రాసుకుంటారు. మాట వస్తువు గురించేనా? రాసినవారు చివరి తీర్పు చెప్పారా? మంచీ చెడూ రెండూ ఉన్నాయా? ప్రతి ప్రశ్న పక్కన నియమం అంకె ఉంటుంది. అనుమానం వస్తే ఆ అంకె పట్టుకుని అసలు పత్రంలోకి వెళ్తారు. అరపేజీ కాగితమే పత్రమని అనుకోవడం మొదలైతే మళ్లీ జ్ఞాపకం మీద పనిచేసినట్టే.

పత్రంలోని ఉదాహరణలకు ఇవ్వాల్సినంత విలువ చాలామంది ఇవ్వరు. 'ఆహా, ఏం ఫోనండీ! రోజుకు మూడుసార్లు దానంతటదే ఆఫవుతుంది' అన్న వాక్యం ఉదాహరణగా ఉండి, పక్కన ప్రతికూలం అని ఉంటే, వెటకారాన్ని మాటలను బట్టి కాక ఉద్దేశాన్ని బట్టి తేల్చాలని అది చెబుతోంది. నియమం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఉదాహరణే చూపిస్తుంది. ఎదురుగా ఉన్న టాస్కును ఏ ఉదాహరణకు దగ్గరగా ఉందో చూసి తేల్చడం, నిర్వచనాన్ని పదేపదే చదవడం కన్నా ఎక్కువసార్లు పనికొస్తుంది.

ఎంత మంచి పత్రమైనా ఒకచోట మౌనంగా ఉంటుంది. 'బాక్సులో ఛార్జర్ లేదు' అన్న రివ్యూ నలభయ్యో టాస్కుగా వచ్చిందనుకుందాం. ఇది వస్తువు లోపమా, పంపినవారి లోపమా? పై నాలుగు నియమాల్లో జవాబు లేదు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి పెట్టి ముందుకు పోతే, రెండు వందలో టాస్కులో అదే మాట వచ్చేసరికి మొదట ఏం పెట్టారో గుర్తుండదు. దీనికి మందు ఒక చిన్న పట్టిక. టాస్కు నంబరు, చిక్కు పెట్టిన మాట, ప్రస్తుతానికి ఇచ్చిన లేబుల్, కారణం, దగ్గరగా ఉన్న నియమం అంకె అందులో ఉంటే చాలు. ప్రశ్నను లీడ్‌కు పంపేటప్పుడు ఇదే వరస పనికొస్తుంది. 'బాక్సులో ఉండాల్సినవన్నీ వస్తువు కిందే లెక్క, బాక్సు నలిగితే డెలివరీ' అని జవాబు వస్తే దాన్ని పట్టికలోనే రాసుకుని, అప్పటివరకు చేసిన టాస్కుల్లో ఛార్జర్, కేబుల్, బాక్సు అన్న మాటలు వెతికి పాత లేబుళ్లు సరిచేయాలి. వెనక్కి వెళ్లే ఈ అడుగు వేయకపోతే అదే బ్యాచ్‌లో రెండు చట్టాలు నడుస్తాయి. మధ్యలో పత్రం కొత్త వెర్షన్ వచ్చినప్పుడూ ఇంతే. మారిన నియమాలేవో చూసి, అవి తాకే పాత టాస్కులను మాత్రం తిరిగి తెరవాలి. వెనక్కి వెళ్లే వీలు లేని చోట, ఏ నంబరు వరకు పాత వెర్షన్ నడిచిందో రాసి ఇవ్వడం కనీస ధర్మం.

నిలకడ ఉందో లేదో తెలుసుకునేందుకు సులువైన దారి, రెండు రోజుల కిందటి టాస్కులు ఓ ఇరవై తీసుకుని పాత లేబుళ్లు చూడకుండా మళ్లీ పెట్టడం. తేడా వచ్చినవన్నీ ఒకే నియమం చుట్టూ ఉంటే ఆ నియమం సరిగా అర్థం కాలేదన్నమాట. చెల్లాచెదురుగా ఉంటే అలసటో తొందరో కారణం కావచ్చు. ఇద్దరి మధ్య పోలికకు జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కాపా అనే కొలత ఉంది. దాని అవసరం ఒక లెక్కతో తెలుస్తుంది. వంద రివ్యూలకు ఇద్దరు అనొటేటర్లు సానుకూలం, ప్రతికూలం అనే రెండు లేబుళ్లే పెట్టారు. ఎనభై చోట్ల ఇద్దరిదీ ఒకే మాట. వినడానికి బాగానే ఉంది. అయితే ఇద్దరూ చెరో ఎనభై రివ్యూలకు సానుకూలం పెట్టారు. ఆ పాళ్లలో కళ్లు మూసుకుని పెట్టినా సుమారు 68 చోట్ల కలుస్తాయి. కాకతాళీయంగా కలిసే ఈ భాగాన్ని తీసేసి చూస్తే:

```
(0.80 - 0.68) / (1 - 0.68) = 0.375
```

పూర్తి ఏకాభిప్రాయం 1 అనుకుంటే ఇది తక్కువే. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. ఇద్దరూ 2.1ను ఒకేలా తప్పుగా చదివితే కాపా బ్రహ్మాండంగా ఉంటుంది, లేబుళ్లు మాత్రం తప్పుగానే ఉంటాయి. సరైన జవాబు ముందే తేల్చి పెట్టిన టాస్కులను బ్యాచ్‌లో గుట్టుగా కలపడం ఇందుకే.

కొన్ని వాక్యాలు మాత్రం ఏ నియమానికీ లొంగవు. ఇంగ్లిష్ వాక్యాల్లో ప్రతి పదానికీ వ్యాకరణ విభాగం గుర్తించిన పెన్ ట్రీబ్యాంక్ ప్రాజెక్టుకు బియాట్రిస్ సాంటొరిని 1990లో రాసిన గైడ్‌లైన్ ఈ రంగంలో పేరున్న పత్రం. ఒకదానికొకటి పోలిన విభాగాలను ఎలా వేరు చేయాలో అది విడమరిచి చెబుతుంది. అయినా తేలని పదాలకు JJ|VBG లాగా రెండు గుర్తులనూ నిలువు గీతతో కలిపి రాసే వీలు ఆ ప్రాజెక్టులో ఉంచారు, అంటే విశేషణమో క్రియారూపమో తేలలేదని. గైడ్‌లైన్‌లో అలాంటి వీలు ఉన్నచోట దాన్ని వాడాలి. లేనిచోట అలాంటి వాక్యాలను పట్టికలో విడిగా పోగేసి లీడ్‌కు చూపితే, తర్వాతి వెర్షన్‌లో వాటికో నియమం చేరడానికి ఆధారం దొరుకుతుంది.